ప్రాజెక్టు డైరీ: మట్టి నమూనా రీల్‌కు క్యాప్షన్

సోమవారం

నల్లగొండ వైపు ఒక రైతుల సంఘం పేజీకి వీడియోలు చేసిపెడుతున్నాను. ఈ వారం పని: మట్టి పరీక్షకు నమూనా ఎలా తీయాలో చూపించే రీల్. షూటింగ్ అయిపోయింది. దున్నకముందు పత్తి చేనులో ఒక అక్క తనే పార పట్టుకుని, తవ్వుతూ మాట్లాడుతుంది. నిడివి యాభై సెకన్ల దాకా ఉంది. బస్సులో, హోటల్ దగ్గర, ఇంట్లో పిల్లలు పడుకున్నాక సౌండ్ తీసేసి చూసేవాళ్లే ఎక్కువ కాబట్టి అక్క మాటలన్నీ సబ్‌టైటిళ్లుగా వీడియో మీదే పడతాయి.

మిగిలింది వీడియో కింద రాసే క్యాప్షన్. ఈ పేజీలో మొదటినుంచీ ఒకటే పద్ధతి. వాయిస్‌లో ఉన్నదంతా కాపీ చేసి కింద అతికించి, చివర నాలుగు హ్యాష్‌ట్యాగ్‌లు పెట్టేస్తారు. చెవికి వినపడిందే తెర మీద పడుతుంది, తెర మీద పడిందే మళ్లీ కింద ఉంటుంది. వినడానికీ చదవడానికీ తేడా ఉంది కాబట్టి మొదటి రెండిటికీ అర్థం ఉంది. మూడోదానికి ఏ అర్థమూ కనపడదు. ఈసారి క్యాప్షన్‌కు వేరే పని అప్పగించి చూద్దామనుకున్నాను. ఆ పని ఏమిటో తేల్చుకోవడానికే ఈ డైరీ.

మంగళవారం

ఎడిటింగ్ చేసే తమ్ముడు సబ్‌టైటిల్ ఫైలు పంపాడు. మొదటి మూడు ముక్కలు ఇవి:

```
1
00:00:00,300 --> 00:00:02,800
ఒక్క దగ్గర తవ్వితే
చేను సంగతి తెల్వదు

2
00:00:03,000 --> 00:00:06,400
అటు ఇటు వంకరగ నడుసుకుంట
ఎనిమిది, పది చోట్ల తియ్యాలె

3
00:00:06,700 --> 00:00:09,500
పైన చెత్త తీసెయ్యి
మట్టి మాత్రం గీకకు
```

అక్క మాట అక్కదే, అలాగే ఉంచాం. వినపడే మాటొకటి, కనపడే మాటొకటి అయితే చూసేవాళ్ల కన్ను తడబడుతుంది.

పాత అలవాటు ప్రకారం అతికిస్తే క్యాప్షన్ ఇలా మొదలవుతుంది: “ఒక్క దగ్గర తవ్వితే చేను సంగతి తెలియదు. చేనంతా వంకరగా నడుస్తూ ఎనిమిది నుంచి పది చోట్ల మట్టి తీయాలి. పైన ఉన్న చెత్త తీసేయాలి...” తమ్ముడితో దీన్నే పెట్టించి, ఒక ప్రైవేటు ఖాతాలో ఎక్కించి ఫోన్‌లో చూశాను. ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌లో క్యాప్షన్ మూసి ఉన్నప్పుడు మొదటి లైను మాత్రమే, అది కూడా సగంలో తెగిపోయి కనిపిస్తుంది. మొదటి సెకనులో ఆపి చూస్తే తెర మధ్యలో “ఒక్క దగ్గర తవ్వితే చేను సంగతి తెల్వదు”, దాని కింద సన్న అక్షరాల్లో మళ్లీ “ఒక్క దగ్గర తవ్వితే చేను సంగ...” అని ఉంది. ఒకే ఫ్రేములో ఒకే వాక్యం రెండుసార్లు. కింద ఉన్నదాన్ని తెరవాల్సిన అవసరం ఎవరికీ ఉండదు. అందులో ఏముందో పైన చూసేశారు కదా.

తెరిచిన వాళ్ల సంగతి ఇంకా ఇబ్బంది. “మరిన్ని” మీద నొక్కితే క్యాప్షన్ పైకి లేచి వీడియో కింది భాగాన్ని కప్పేస్తుంది. వీడియో మాత్రం ఆగదు, వెనకాల నడుస్తూనే ఉంటుంది. క్యాప్షన్ చదువుతున్నంతసేపూ సబ్‌టైటిళ్లు కొన్ని దాని వెనక దాటిపోతాయి. అంటే చూసేవాడు ఒక సమయంలో ఏదో ఒకటే చదవగలడు. కింద ఉన్నది పైన ఉన్నదే అయితే, అతను నడుస్తున్న వీడియోను వదులుకుని దాని నకలు చదువుతున్నట్టు. అతను పోగొట్టుకున్నది పార ఎక్కడ దిగిందో చూపించే షాట్ అయితే, ఆ నకలు దాన్ని తిరిగి ఇవ్వలేదు.

ఒక కాగితం మీద గీత గీసి, ఎడమవైపు సబ్‌టైటిళ్లు, కుడివైపు అతికించిన క్యాప్షన్ రాశాను. రెండు వైపులా ఉన్నవాటిని కుడివైపు కొట్టేస్తూ వచ్చాను. మాట మారినా సంగతి అదే అయితే కొట్టేయాల్సిందే. “ఎనిమిది, పది చోట్ల” అన్నదాన్ని “పలు చోట్ల” అని మార్చి రాస్తే అది కొత్త సంగతి కాదు, పాతదాన్నే పలచన చేసినట్టు. చివరికి కుడివైపు మిగిలినవి హ్యాష్‌ట్యాగ్‌లు.

కొట్టేయకూడని మాట మాత్రం ఒకటి దొరికింది: “మట్టి పరీక్ష”. వీడియో మీద ముద్రించిన సబ్‌టైటిల్ బొమ్మలో భాగమైపోతుంది కాబట్టి దాన్ని ఎవరూ కాపీ చేసుకోలేరు, క్యాప్షన్ మాట దొరికినట్టు వెతుకులాటలో అది దొరుకుతుందని నమ్మకం పెట్టుకోలేం. వెతికేవాడు కొట్టే మాట క్యాప్షన్‌లో అక్షరాలుగా ఉండాలి. అది పైన ఉన్నా సరే, కింద ఒకసారి రావాలి. ఒకసారి చాలు.

బుధవారం

రఫ్ కట్‌ను ల్యాప్‌టాప్‌లో వేసుకుని ఊరికి పోయాను. రైతు వేదిక అరుగు మీద కూర్చున్నవాళ్లకు క్యాప్షన్ లేకుండా వీడియో ఒక్కటే చూపించాను. చూశాక “ఎలా ఉంది” అని అడగలేదు. అలా అడిగితే “మంచిగుంది” అంటారు, అక్కడితో అయిపోతుంది. “ఇప్పుడు రేపు పొద్దున మీరు మట్టి తీయాలంటే ఇంకేం తెలియాలి?” అని అడిగాను.

ఒక పెద్దాయన వెంటనే, “తీసుడైతె సమజైంది. తీసి ఎవలికియ్యాలె?” అన్నాడు. ఆయన పక్కనున్నాయనకు నాలుగెకరాల బత్తాయి ఉంది, ఇంకో రెండెకరాల్లో పెట్టబోతున్నాడు. “బత్తాయికి గింతే లోతా? చెట్టు యేర్లు గింత పైనుంటయా?” అని ఆయన అనుమానం. ఒక చిన్నమ్మ, “మాది సగం చెల్క, సగం రేగడి. కలిపి ఒక్కటే సంచి కట్టాల్నా?” అని అడిగింది. ఇంకొకతను మధ్యలో అందుకుని, “మొన్ననే డీఏపీ చల్లిన మడి ఉన్నది, అండ్లకెల్లి తియ్యొచ్చా అన్నా?” అన్నాడు. చివర్లో ఒక కుర్రాడు అడిగింది నేను ఊహించలేదు: “అక్క బకెట్ తెచ్చుకోకుండ ప్లాస్టిక్ టబ్బు ఎందుకు తెచ్చుకున్నది?” వీడియోలో టబ్బు గురించి ఎవరూ మాట్లాడరు, అది ఊరికే కనిపిస్తుంది అంతే.

ఒక్కటి కూడా వీడియోలో ఉన్నదాన్ని మళ్లీ చెప్పమని అడిగిన ప్రశ్న కాదు. చూసినవాడికి చూశాకే పుట్టే అనుమానాలు ఇవన్నీ. నా కుడివైపు ఖాళీకి ఇవే సరుకు అనిపించింది. అయితే అన్నీ కింద పడేయడం కుదరదని మర్నాటికి తేలింది.

గురువారం

సంఘానికి సలహాలిచ్చే అగ్రానమిస్టు సార్‌కు ప్రశ్నలన్నీ చదివి వినిపించాను. డీఏపీ ప్రశ్న దగ్గర ఆపేశారు. “ఇది కింద రాస్తానంటే నేను ఒప్పుకోను. ఎరువేసిన కొత్తలో మట్టి తీస్తే రిపోర్టులో భాస్వరం ఎక్కువ చూపిస్తుంది. అది చూసి రైతు ఈసారి వేయాల్సింది కూడా మానేస్తాడు. క్యాప్షన్ తెరవనివాడి సంగతేంటి?”

నిజమే. పైగా క్యాప్షన్ వీడియోతో పాటు ఎప్పుడూ ప్రయాణం చేయదు. ఎవరో వీడియో డౌన్‌లోడ్ చేసి ఊరి వాట్సాప్ గ్రూపులో పడేస్తారు, కింద రాసిందంతా పేజీ దగ్గరే ఉండిపోతుంది. వీడియో మీద ముద్రించింది మాత్రమే ఊరు చేరుతుంది. మా పేజీ వీడియోలు చూసేవాళ్లలో చాలామంది పేజీ పేరు కూడా వినని వాళ్లే అయ్యుంటారు.

దాంతో సార్‌తో మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక గీత గీసుకున్నాం. తెలియకపోతే నమూనా పాడైపోయే సంగతి వీడియోలోనే ఉండాలి. తెలియకపోతే మనిషి ఇంకొకరిని అడిగి తెలుసుకోవాల్సి వచ్చే సంగతి క్యాప్షన్‌లో ఉండొచ్చు. ఈ గీత పెట్టుకుని చూస్తే ఎరువు ప్రశ్న పైకి పోయింది, ఎవరికివ్వాలన్నది కిందికొచ్చింది. గట్ల పక్కన, చెట్ల నీడన, పెంట కుప్ప పోసిన చోట తీయొద్దన్నది ముందే అక్క మాటల్లో ఉంది. ఎరువుల ఖాళీ బస్తా మీద మట్టి ఆరబెట్టొద్దన్నదీ ఉంది. అవి అక్కడే ఉండాలి, కింద మళ్లీ రాయనక్కర్లేదు.

ఎరువు మాట పైకి పోవాలంటే వీడియోలో చోటు కావాలి. తమ్ముడు మొదట గునిశాడు. తర్వాత అక్క చేను గట్టెక్కి నడిచే షాట్ ఒకటి నాలుగు సెకన్లు ఖాళీగా ఉందని అతనే చూపించాడు. అక్కకు ఫోన్ చేసి ఒక వాక్యం వాయిస్ తెప్పించాం: “పంట తీసినంక, దున్నకముందు తియ్యాలె. మందేసిన కొత్తల తియ్యొద్దు.” దానికి సబ్‌టైటిల్ కూడా పడింది. క్యాప్షన్ రాయబోయి వీడియో సరిచేయాల్సి వచ్చింది. ఇలా ఎప్పుడూ జరుగుతుందని కాదు గానీ, క్యాప్షన్ చివరి నిమిషం పనిగా పెట్టుకుంటే ఇది జరిగే వీలే లేదు. ఎక్స్‌పోర్ట్ చేశాక ఎవరు వెనక్కి పోతారు?

బత్తాయి ప్రశ్న కొంచెం తిరకాసు. తోటకు అక్క చెప్పే అరడుగు లోతు మట్టి మాత్రమే తీసుకుపోతే అది సగం సమాచారమే. ఆ లెక్కన ఇది కూడా వీడియోలో ఉండాలి. కానీ వీడియో పత్తి చేను గురించి. తోటకు గుంత చాలా లోతుకు తవ్వాలి, పొరకొక నమూనా విడిగా తీయాలి, అది ఇంకో వీడియోకు సరిపడా పని. సార్ చెప్పిన ఉపాయం బాగుంది. అక్క లోతు చెప్పే చోట సబ్‌టైటిల్ పైన చిన్న పట్టీ: “పత్తి, వరి, కంది చేలకు”. ఎవరికి కాదో దాంతో తెలిసిపోతుంది. మిగతా వాళ్లు ఏం చేయాలో కింద ఉంటుంది. ఇలా పైది ప్రశ్న లేపి, కిందిది జవాబిస్తే రెండూ కలిసి పనిచేస్తున్నట్టు.

టబ్బు ప్రశ్న నాకు అన్నిటికన్నా నచ్చింది. మామూలు ఇనుప బకెట్‌కు జింకు పూత ఉంటుంది. మట్టిలో జింకు ఎంతుందో చూడబోతూ ఆ మట్టిని జింకు పూసిన బకెట్‌లో కలిపితే లెక్క తప్పుతుంది. పారతో గుంత తవ్వినా, మట్టి పొర తీసేముందు పార తగిలిన గోడను కర్రముక్కతో కొంచెం గీకేయడం కూడా ఇలాంటి కారణానికే, అక్కడ తప్పేది ఇనుము లెక్క. అక్క ఈ రెండూ చేస్తుంది, చేసి చూపిస్తుంది, కారణం మాత్రం చెప్పదు. చూసినవాడు అలాగే చేస్తే నమూనా బాగానే ఉంటుంది, కాబట్టి కారణం లేకపోయినా నష్టం లేదు. కారణం తెలిస్తే మాత్రం, టబ్బు దొరకని రోజు బకెట్ ఎత్తుకోకుండా ఇంకేదైనా వెతుక్కుంటాడు. కళ్లముందు కనిపించి, నోట రాని సంగతులకు కారణం చెప్పడం క్యాప్షన్‌కు బాగా అతికే పని.

సార్ వెళ్తూ వెళ్తూ ఇంకొకటి అన్నారు: ఆఫీసుల పేర్లు వీడియో మీద ముద్రించకండి అని. ఆంధ్రప్రదేశ్‌లో రైతు భరోసా కేంద్రం అన్నది 2024లో రైతు సేవా కేంద్రం అయింది. పాత పేరు ముద్రించిన వీడియోలు ఇప్పటికీ అలాగే తిరుగుతుంటాయి, వాటిని ఎవరూ మార్చలేరు. క్యాప్షన్‌నైతే పోస్టు చేశాక కూడా దిద్దొచ్చు. మారిపోయేవి, అంటే కేంద్రాల పేర్లు, గడువులు, ఫోన్ నంబర్లు కిందే ఉండాలి.

శుక్రవారం

రాయడానికి కూర్చున్నాను. మొదటి లైను దగ్గరే చాలాసేపు పట్టింది.

ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్‌కు 2,200 క్యారెక్టర్ల హద్దు ఉంది. ఇంగ్లీషులో రాసేవాళ్లకు అది దాదాపు ఎప్పుడూ అడ్డురాదు. తెలుగులో మనం ఒక అక్షరం అనుకునేది కంప్యూటర్ లెక్కలో రెండు, మూడు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. చూడండి:

```
print(len("మట్టి పరీక్ష"))
```

జవాబు 12. చదివేవాడికి కనిపించేవి ఐదు అక్షరాలు, ఒక ఖాళీ. గుణింతం గుర్తు ఒకటి, ఒత్తుకు ముందుండే పొల్లు ఒకటి అని విడివిడిగా లెక్క పడుతుంది. కాబట్టి ఆ హద్దు మనకు చాలా ముందే వచ్చేస్తుంది. అసలు ఇబ్బంది మాత్రం హద్దుతో కాదు, మొదటి లైనుతోనే. ఫోన్ తెర వెడల్పులో తెలుగు మాటలు నాలుగైదు పడితే గొప్ప. ఆ నాలుగైదు మాటల్లోనే వెతికే మాట రావాలి, తెర మధ్యలో పడే మొదటి సబ్‌టైటిల్‌లో లేని సంగతి రావాలి.

“రైతన్నలకు ముఖ్య సూచన” అని మొదలుపెట్టే ఆనవాయితీ ఒకటి ఉంది. ఆ మూడు మాటలకే లైను నిండిపోతుంది, సంగతి ఏమీ ఉండదు. “మట్టి పరీక్ష: ఈ లోతు తోటలకు కాదు” అని రాసి చూశాను. మాటలు బాగానే ఉన్నాయి గానీ మొదటి సెకనులో ఇంకా గుంతే తవ్వలేదు, “ఈ లోతు” అంటే ఏ లోతని చూసేవాడికి తెలియదు. సబ్‌టైటిళ్లు వరసగా వస్తాయి, మొదటి లైను మాత్రం మొదటి ఫ్రేము నుంచే కనిపిస్తుంది. కాబట్టి అది వీడియోలో తర్వాత ఎప్పుడో వచ్చేదాన్ని ఆనుకుని నిలబడకూడదు. చివరికి “మట్టి పరీక్ష: తీసి ఎవరికివ్వాలి?” అని పెట్టాను. పైన తీసే పద్ధతి మొదలవుతుంది, కింద ఆ తర్వాతి సంగతి ఉందని తెలుస్తుంది. అది అరుగు మీది పెద్దాయన ప్రశ్నే.

ఇప్పటికి ఉన్న క్యాప్షన్ ఇది:

“మట్టి పరీక్ష: తీసి ఎవరికివ్వాలి?

మీ క్లస్టర్ ఏఈఓకు, అంటే వ్యవసాయ విస్తరణ అధికారికి, రైతు వేదిక దగ్గర ఇవ్వండి. ఆంధ్ర రైతులు రైతు సేవా కేంద్రంలో అడగండి.

సంచిలో వేసే చీటీ మీద ఇవి రాయండి: మీ పేరు, ఊరు, ఫోన్ నంబరు, సర్వే నంబరు, పోయినసారి వేసిన పంట, ఈసారి వేయబోయే పంట, బోరు కిందా వర్షాధారమా, మట్టి తీసిన తేదీ. పెన్సిల్‌తో రాస్తే మంచిది, తడి తగిలినా అలుక్కుపోదు.

చేనులో చెల్క, రేగడి రెండూ ఉంటే రెండు సంచులు. కలపొద్దు.

బత్తాయి, మామిడి, నిమ్మ పెట్టబోయేవాళ్లకు అరడుగు (15 సెం.మీ.) చాలదు. లోతుగా గుంత తవ్వి, పొర పొరకూ మట్టి విడిగా తీయాలి. తవ్వే ముందు ఏఈఓతో మాట్లాడండి.

అక్క ప్లాస్టిక్ టబ్బే ఎందుకు వాడింది? ఇనుప బకెట్‌కు జింకు పూత ఉంటుంది. అది మట్టికి అంటితే జింకు లెక్క తప్పొస్తుంది. గుంత గోడను కర్రతో గీకిందీ ఇలాంటి కారణానికే, పార ఇనుము కదా, అంటితే ఇనుము లెక్క తప్పొస్తుంది.”

చెల్క, రేగడి మాట దగ్గర కాసేపు తటపటాయించాను. రెండు రకాల నేల కలిపితే నమూనా పాడవుతుంది, అంటే నిన్నటి గీత ప్రకారం అది పైకి పోవాలి. తమ్ముడికి ఫోన్ చేస్తే, అక్క “ఎనిమిది, పది చోట్ల తియ్యాలె” అన్నాక “ఒక్క తీరు నేలైతెనే” అని గొణిగిన ముక్క కట్‌లో పోయిందని చెప్పాడు. దాన్ని తిరిగి పెట్టించాను. కింద మాత్రం రెండు సంచులు అన్న మాట ఉంచాను. పైన షరతు ఉంది, ఆ షరతు తప్పితే ఏం చేయాలో కింద ఉంది. ఒకటే విషయం రెండు చోట్లా ఉన్నా ఇది తిరగరాయడం కాదు.

“అరడుగు” అన్నది అక్క మాట, అది సబ్‌టైటిల్‌లోనూ అంతే. బ్రాకెట్‌లో సెంటీమీటర్లు కింద ఇచ్చాను. వీడియోలో సెంటీమీటర్లని రాస్తే అక్క అనని మాట అక్క నోట పెట్టినట్టు అవుతుంది.

ఒకదాన్ని తీసేశాను. సాయిల్ హెల్త్ కార్డులో 12 అంశాలుంటాయి: నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, ఉదజని సూచిక, లవణ సాంద్రత, సేంద్రియ కర్బనం. వీడియోలో లేదు కాబట్టి ఇది కింద పెట్టొచ్చు కదా అని సంఘం వాళ్లు అడిగారు. వీడియోలో లేనిదల్లా క్యాప్షన్‌కు పనికొస్తుందంటే లెక్క లేకుండా పోతుంది. వీడియో చూసినవాడికి ఆ వీడియో వల్ల పుట్టే ప్రశ్నకు జవాబైతేనే అది కిందికి రావాలి. అరుగు మీద ఎవరూ కార్డులో ఏముంటుందని అడగలేదు. కార్డు చేతికొచ్చినప్పుడు అడుగుతారు, దానికి వేరే రీల్ చేద్దాం.

శనివారం

పోస్టు చేసే ముందు ఫోన్‌లో రెండు రకాలుగా చూశాను. ముందు క్యాప్షన్‌ను కాగితంతో మూసి వీడియో మొత్తం చూశాను: చెప్పింది చెప్పినట్టు చేస్తే సరైన నమూనా వస్తుందా? వస్తుంది. తర్వాత వీడియో చూడని మా పక్కింటి బాబాయికి క్యాప్షన్ ఒక్కటే చదివి వినిపించాను. “ఎట్ల తియ్యాల్నో చెప్పలేదు గదరా” అన్నారు. సరిగ్గా అదే కావాలి. కింద చదివినవాడికి పైన చూడాలనిపిస్తే చాలు.

స్థలం సంగతి ఒకటి చూసుకోవాల్సి వచ్చింది. సబ్‌టైటిల్ బాగా కిందకు పెడితే పేజీ పేరు, క్యాప్షన్ మొదటి లైను దాని మీదే పడతాయి. రీల్స్ ప్రకటనలకు మెటా ఇచ్చే సూచనలో తెర కింది వైపు దాదాపు 35 శాతం, పైవైపు 14 శాతం ఖాళీ ఉంచమని ఉంటుంది. మాది ప్రకటన కాదు గానీ ఆ కొలత పట్టుకున్నాం. 1920 పిక్సెళ్ల ఎత్తులో కింద 670 దాకా వదిలేయాలి, అంటే సబ్‌టైటిళ్లు తెర మధ్యకు కాస్త దిగువన వస్తాయి. అక్కడ అక్క చేతులు కప్పుకుపోతున్నాయని తమ్ముడు రెండు షాట్లలో ఫ్రేమును కొంచెం పైకి జరిపాడు. క్యాప్షన్ పూర్తిగా తెరిస్తే ఎలాగూ కప్పేస్తుంది, దానికి ఎవరూ ఏమీ చేయలేరు.

ఒక మిత్రుడికి చూపు లేదు, ఫోన్ స్క్రీన్ రీడర్‌తో వాడతాడు. ముద్రించిన సబ్‌టైటిల్‌ను రీడర్ చదవదు, క్యాప్షన్ చదువుతుంది. అక్క గొంతు వినపడుతుంది కాబట్టి సబ్‌టైటిల్ లేకపోయినా అతనికి లోటు లేదనుకున్నాను. అతను విన్నాక, “పత్తి, వరి, కంది చేలకు అని మీరు చెప్పిన పట్టీ నాకు రాలేదు” అన్నాడు. నిజంగానే అది తెర మీద మాత్రమే ఉంది, ఎవరూ పలకలేదు. క్యాప్షన్‌లో బత్తాయి పేరా మొదట ఒక వాక్యం కలిపాను: “ఈ పద్ధతి పత్తి, వరి, కంది చేలకు.” సబ్‌టైటిల్‌లో ఉన్నది అనే లెక్క చూసి దీన్ని కొట్టేస్తే తప్పయ్యేది. పలికిన మాటను కింద తిరగరాయనక్కర్లేదు. పలకకుండా చూపించిన అక్షరాలను మాత్రం కింద ఎక్కడో ఒకచోట పెట్టాలి.

సాయంత్రం పోస్టు చేశాం.

తర్వాతి గురువారం

కామెంట్లు చూస్తున్నాను. పాత వీడియోల కింద ఎక్కువగా “ఎక్కడ ఇవ్వాలి”, “మా ఊళ్లో ఎవరిని అడగాలి” అనే ప్రశ్నలే ఉండేవి. ఈసారి అవి చాలా తక్కువ. కొత్త రకం ప్రశ్నలు వచ్చాయి: కౌలు చేను అయితే సర్వే నంబరు ఎవరి పేరు మీద రాయాలి, వరి మడిలో నీళ్లు నిలిచి ఉంటే ఎలా. కౌలు ప్రశ్న క్యాప్షన్ చదివినవాడికే పుడుతుంది, ఎందుకంటే సర్వే నంబరు మాట వీడియోలో ఎక్కడా లేదు. జనం కింద చదివారా లేదా అని తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి గుర్తు నాకు దొరకలేదు. పేజీ లెక్కల్లో ఎంతమంది క్యాప్షన్ తెరిచారో చూపించరు. రెండు ప్రశ్నలకూ జవాబులు సార్‌ను అడిగి పిన్ చేసిన కామెంటులో పెట్టాం. క్యాప్షన్‌ను ఇంకా లావు చేయదలచుకోలేదు.

వాట్సాప్‌లో ఇదే వీడియో నాకే వేరే గ్రూపు నుంచి తిరిగొచ్చింది, కింద ఒక్క మాట లేకుండా. ఎరువు మాట, నేల మాట అందులోనే ఉన్నాయి కాబట్టి టెన్షన్ పడలేదు.

సంఘం వాళ్లు వచ్చే వారానికి ఇంకోటి అడిగారు: పచ్చిరొట్ట పైరు కలియదున్నడం. ట్రాక్టర్ చప్పుడులో ఎవరి మాటా వినపడదు, అంచేత వాయిస్ లేకుండా సంగీతం, తెర మీద అక్షరాలు మాత్రమే. దానికి ఈ వారం పెట్టుకున్న పద్ధతి సగం తిరగబడుతుంది. పలికేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి తెర మీద అక్షరాలన్నీ క్యాప్షన్‌లోకి కూడా రావాలి, లేకపోతే మా మిత్రుడికి ట్రాక్టర్ చప్పుడు, పాట తప్ప ఏమీ అందదు. అలాగని పైనే అతికిస్తే మళ్లీ పాత కథే. మొదటి లైను, దాని కింద కొత్త సంగతులు, అన్నిటికన్నా కింద “తెర మీద రాసినవి” అని ఒక పేరా. జనుము, జీలుగ ఏ దశలో దున్నాలో సార్‌ను ఇంకా అడగాలి.